చీర మీద బ్లేజర్, డెనిమ్ జాకెట్: పైట దగ్గర మొదలుపెట్టండి

చీర మీద బ్లేజర్ వేసుకోవాలనుకునేవాళ్లు చాలామంది ముందు రంగు గురించే అడుగుతారు. నల్లది బాగుంటుందా, మెరూన్ బాగుంటుందా అని. రంగు తర్వాత చూసుకోవచ్చు, ముందు తేల్చుకోవాల్సింది పైట సంగతి. పైట బ్లేజర్ లోపల ఉండాలా, పైన ఉండాలా అన్నది తేలిందంటే బ్లేజర్ పొడవెంత, భుజం ఎలా ఉండాలి, లోపల ఏ బ్లౌజు వేసుకోవాలి, మెడలో ఏం పెట్టుకోవాలి అన్నవన్నీ దాన్నిబట్టే తేలిపోతాయి. అది తేల్చుకోకుండా షాపులో నచ్చిన కోటు కొనుక్కొచ్చి చీర మీద తొడుక్కుంటే, అద్దంలో ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది గానీ ఆ తేడా ఎక్కడుందో పట్టుకోలేం.

అందుకే ఇక్కడ ఎక్కువగా చీర గురించే చెబుతాను. కుర్తా మీద వేసుకోవడం దానితో పోలిస్తే చాలా తేలిక, చివర్లో నాలుగు మాటలు చాలు. ఉదాహరణగా మా చెల్లెలి సంగతి తీసుకుంటాను. తను అనంతపురంలో డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతుంది. డిసెంబరులో ఒక సెమినార్‌లో పేపర్ చదవాల్సి వచ్చింది, అమ్మ ధర్మవరం పట్టుచీర కట్టుకుని దాని మీద బ్లేజర్ వేసుకోవాలని పట్టుబట్టింది.

కాలం, గుడ్డ

మన దగ్గర ఇది ఏడాది పొడవునా నడిచే వేషం కాదు. మార్చి దాటితే కర్నూలు, కడపల్లో పగలు నలభై డిగ్రీలకు చేరువవుతుంది, ఏప్రిల్, మేల్లో దాటేస్తుంది కూడా. ఆ ఎండల్లో చీర, బ్లౌజు, లంగా, వీటి పైన కోటు అంటే ఎంత అందంగా ఉన్నా మనిషి నిలబడలేదు. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి సగం దాకా, అందులోనూ ఉదయం, సాయంత్రం పూట హాయిగా ఉంటుంది. మిగతా నెలల్లో ఏసీ హాల్లో కూర్చునే పని ఉంటేనే పెట్టుకోండి, బ్లేజర్ చేతిమీద వేసుకెళ్లి లోపలికి వెళ్లాక తొడుక్కోండి.

కొనేముందు బ్లేజర్‌ని తిరగేసి లోపలివైపు చూడండి. చాలా రెడీమేడ్ వాటిలో లోపలంతా పాలిస్టర్ లైనింగ్ ఉంటుంది, దానిలోంచి గాలి ఆడదు, చెమట బయటికి పోదు. ఆ చెమటంతా చంకల దగ్గర పట్టు బ్లౌజుకు, భుజం మీద చీరకు పట్టి మరక అవుతుంది. పట్టు మీద చెమట మరక ఒకసారి ఎండిందంటే వదిలించడం మహా కష్టం. భుజాలకు, చేతులకు మాత్రమే లైనింగ్ ఉండి వీపు దగ్గర లేకుండా ఉండేవి దొరుకుతాయి, హాఫ్ లైనింగ్ అని అడగండి. గుడ్డ లినెన్ గానీ, లినెన్ కాటన్ కలిసింది గానీ, కాస్త మందపాటి కాటన్ గానీ అయితే మేలు.

గుడ్డ విషయంలో ఇంకొకటి కూడా ఉంది, మెరుపు. పట్టుచీర దానంతటదే మెరుస్తుంది, జరీ సంగతి చెప్పక్కర్లేదు. దాని మీద వేసే బ్లేజర్ కూడా మెరిస్తే రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి, ఖరీదైన చీర కూడా చవకగా కనిపిస్తుంది. ఇంటర్వ్యూల కోసం కొనే నల్లటి పాలిస్టర్ బ్లేజర్లతో వచ్చే ఇబ్బంది ఇదే. కిటికీ దగ్గర నిలబడి చీర మడతను, బ్లేజర్ చేతిని పక్కపక్కన పెట్టి అటూ ఇటూ వంచి చూడండి. వెలుగు పడినప్పుడు బ్లేజర్ మీద కూడా తెల్లటి మెరుపు గీత కదులుతుంటే అది పట్టుచీరకు పనికిరాదు, కాటన్ చీరకు వాడుకోండి.

పైట లోపలా, పైనా

మొదటి పద్ధతిలో చీర మామూలుగా కట్టుకుని పైట భుజం మీద పిన్ను పెట్టుకుంటారు, ఆ పైన బ్లేజర్ తొడుక్కుని ముందు గుండీలు పెట్టకుండా వదిలేస్తారు. కొంగు వెనక బ్లేజర్ అంచు కింద నుంచి వేలాడుతుంది. రెండో పద్ధతిలో కోటునే బ్లౌజులా వేసుకుని గుండీలు పెట్టి, చీర కట్టి, పైటను కోటు మీదుగా తెచ్చి ఎడమ భుజం మీద వేసుకుంటారు.

ఆఫీసుకు, సెమినార్‌కు, పట్టుచీరకు మొదటిదే సరి. కోటును ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పేయొచ్చు, లోపల చీర చెక్కుచెదరదు. రెండో పద్ధతిలో కోటు విప్పాలంటే చీరంతా విప్పాలి. మధ్యాహ్నం ఎండ ఎక్కాక ఆ సంగతి అర్థమవుతుంది. కాకపోతే కొంగు పనితనమంతా బయటికి కనబడాలంటే రెండోదే దారి. దానికి నడుము దగ్గరే ఆగిపోయే పొట్టి కోటు కావాలి, పొడవాటిది వేస్తే చీర దోపుకునే చోట కోటు అంచు మడతపడి నడుము చుట్టూ చిన్న టైరులా లేస్తుంది.

మొదటి పద్ధతిలో తప్పు ఎక్కువగా జరిగేది ఎడమ భుజం దగ్గర. పైట కుచ్చిళ్లన్నీ మామూలుగా భుజం చివర్లో పెట్టి పిన్ను గుచ్చుతాం కదా, సరిగ్గా అదే చోట బ్లేజర్ ప్యాడ్ కూర్చుంటుంది. ఏడెనిమిది పొరల చీర మీద ప్యాడ్ కూర్చునేసరికి ఎడమ భుజం పైకి లేస్తుంది, కుడి భుజం మామూలుగా ఉంటుంది. ఎదుటివాళ్లకు మనిషి ఒక పక్కకు ఒరిగినట్టు కనిపిస్తుంది. దీనికి మందు రెండు రకాలు. ఒకటి, ప్యాడ్ లేని బ్లేజర్ తీసుకోవడం, లేదా టైలర్ దగ్గర ప్యాడ్లు తీయించేయడం. అది పది నిమిషాల పని, లైనింగ్ కుట్టు కాస్త విప్పి తీసి మళ్లీ కుట్టేస్తారు. రెండోది, పైట కుచ్చిళ్లను భుజం చివరన కాకుండా మెడవైపు జరిపి పెట్టుకోవడం. బ్లౌజు మెడ అంచు నుంచి ఒకటిన్నర అంగుళం లోపలే పిన్ను పడాలి. కుచ్చిళ్ల వెడల్పు నాలుగు అంగుళాలు మించనివ్వకండి, ఒకదాని మీద ఒకటి దొంతరగా కాకుండా మెట్లు మెట్లుగా పరిచి ఇస్త్రీ పెట్టెతో ఒకసారి నొక్కండి.

బ్లేజర్ వీపు కింద నడిమికి చీలిక ఉంటే అది కూడా చూసుకోవాలి. వెనక కొంగు బరువుకు ఆ చీలిక తెరుచుకుని నోరు తెరిచినట్టు కనిపిస్తుంది. లోపలివైపు నుంచి చేతికుట్టుతో మూసేస్తే చాలు, ఎప్పుడైనా ప్యాంటు మీద వేసుకోవాలనిపిస్తే ఆ దారం లాగేయొచ్చు.

పొడవు, భుజం, చేతులు

పొడవును వెనక మెడ ఎముక నుంచి కిందికి కొలవండి. అయిదడుగుల రెండంగుళాల మనిషికి అక్కడి నుంచి నడుము సుమారు పదిహేను అంగుళాలు, తుంటి బాగా వెడల్పయ్యే చోటు ఇరవై రెండు ఇరవై మూడు అంగుళాల దగ్గర ఉంటుంది. ఈ వెడల్పైన చోట, లేదా దానికి కాస్త కింద బ్లేజర్ అంచు ఆగకూడదు, అంతే. అంచు ఎక్కడ ఆగితే చూపు అక్కడే ఆగుతుంది, అందులోనూ చీర కుచ్చిళ్ల వల్ల ఆ చోటు ఇప్పటికే కాస్త నిండుగా ఉంటుంది. ఇరవై, ఇరవై ఒక్క అంగుళాల దగ్గర ఆపేయండి, లేదంటే ఏకంగా ముప్పై దాటించి తొడల దాకా దించండి. మధ్యలో ఆగే ఇరవై నాలుగు, ఇరవై అయిదు అంగుళాలవే షాపుల్లో ఎక్కువగా దొరికేవి, ఎందుకంటే అవి ప్యాంటు కోసం కుట్టినవి.

అలాంటిది ఇంట్లో ఉంటే కత్తిరించి పొట్టి చేయించుకోవచ్చా అంటే, జేబులు ఎక్కడున్నాయో చూడాలి. జేబు సంచి కింది అంచు బ్లేజర్ అంచుకు దగ్గరగా ఉంటే ఒక అంగుళం కూడా తీయలేరు. ముందువైపు గుండ్రంగా తిరిగే మూలలు కూడా మళ్లీ కుట్టాలి. ఈ పని బ్లౌజులు కుట్టేచోట అడిగితే ఒప్పుకోరు, ఒప్పుకున్నా సరిగా రాదు. మగవాళ్ల సూట్లు కుట్టే టైలర్ దగ్గరికి వెళ్లండి. పక్క కుట్లు లోపలికి తీయడం, చేతులు పొట్టి చేయడం, ప్యాడ్లు తీయడం వాళ్లకు రోజూ ఉండే పనే. భుజం చిన్నది చేయమని మాత్రం అడగకండి. భుజం తగ్గించాలంటే చేతులు విప్పాలి, చంక గుండ్రం మళ్లీ కోయాలి, అంత చేశాక కూడా మునుపటిలా కూర్చోదు. కాబట్టి భుజం సరిపోయే కోటు కొని మిగతావి సరిచేయించుకోవాలి గానీ, మిగతావి సరిపోయాయని భుజం సరిపోని కోటు కొనొద్దు.

భుజం సరిపోయిందో లేదో చూడాలంటే ఇంట్లో వేసుకునే టీషర్టు మీద కాదు, చీర పైట పెట్టుకుని దాని మీద తొడిగి చూడాలి. షాపుకు చుడీదార్‌లో వెళ్తే కనీసం ఒక చున్నీని నాలుగు మడతలేసి ఎడమ భుజం మీద పెట్టుకుని తొడిగి చూడండి. భుజం కుట్టు మీ భుజం ఎముక చివర పడాలి. రెండు చేతులూ ముందుకు చాపి ఒకదాన్నొకటి పట్టుకోండి, బోర్డు మీద రాసేటట్టు కుడి చెయ్యి పైకెత్తండి. వీపు దగ్గర గుడ్డ బిగుసుకుంటే ఒక సైజు పెద్దది తీసుకోండి. గుండీలు పెట్టం కాబట్టి ఛాతీ దగ్గర అంత పట్టింపు లేదు.

చేతుల పొడవు మణికట్టు ఎముక దగ్గర ఆగాలి. గాజులు కనబడాలనుకుంటే ఒక మడత పైకి తిప్పుకోండి, లోపలి లైనింగ్ రంగు బాగుంటే ఆ మడతే అందంగా ఉంటుంది. లోపల బ్లౌజుకు మోచేతి దాకా చేతులుంటే బ్లేజర్ చెయ్యిలో అవి ముడతలు పడి ఉబ్బుతాయి, పొట్టి చేతుల బ్లౌజుగానీ, చేతుల్లేని బ్లౌజుగానీ వేసుకోండి. బుట్ట చేతుల బ్లౌజు అయితే అసలు ఆలోచనే మానుకోండి.

రంగు ఎక్కడి నుంచి తీసుకోవాలి

చాలామంది చీర అంచు రంగుకు బ్లేజర్ మ్యాచ్ చేస్తారు. అంచు ఎర్రగా ఉంటే ఎర్ర బ్లేజర్ అని. ధర్మవరం చీరలకు వెడల్పాటి అంచులుంటాయి, ఆ రంగును మళ్లీ పైన అంత పెద్ద ముక్కగా తెస్తే చీర ఒళ్లు మధ్యలో సన్నటి పట్టీలా మిగిలిపోతుంది. నా లెక్క ప్రకారం రంగును చీర ఒంట్లోంచే, అదీ ముదురు పోగులోంచి తీసుకోవాలి.

ఈ పోగును కనిపెట్టడం కష్టమేం కాదు. ధర్మవరం చీరల్లో రెండు రంగులు కలిసి మెరిసేవి చాలా ఉంటాయి, ఒక కోణంలో పచ్చగా, ఇంకో కోణంలో మరో రంగుగా కనిపిస్తాయి. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు కాబట్టి అలా కనిపిస్తుంది. చీర లోపలి చివర, అంటే కట్టుకునేటప్పుడు మొదట నడుము దగ్గర దోపే కొస, మడిచి కుట్టకుండా ఉంటే అక్కడ పోగులు విడిగా కనిపిస్తాయి. చీర పొడవునా వచ్చేది పడుగు, అడ్డంగా వచ్చేది పేక. రెండింటినీ ఒక తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. ఆ రెండింట్లో ముదురుగా ఉన్న రంగుకు దగ్గరగా, కాస్త మట్టి కలిసినట్టుండే రంగులో బ్లేజర్ తీసుకుంటే ఎవరూ వేలెత్తి చూపలేరు. అచ్చంగా అదే రంగు వెతక్కండి, దొరకదు. ఒకటి రెండు ఛాయలు ముదురుగా ఉంటేనే బాగుంటుంది.

కాటన్ చీరలకైతే ఇంత లెక్క అక్కర్లేదు. ఒంటిమిట్ట దగ్గరి మాధవరం చీరల్లాంటి చేనేతలకు బూడిద, గోధుమ, నేవీ బ్లూ ఏదైనా పలుకుతుంది.

మా చెల్లెలి చీర, మొదటి నుంచి చివరి దాకా

అమ్మ చీర ముదురు ఆకుపచ్చ, కదిలితే లోపల్నుంచి వంకాయ రంగు తొంగిచూస్తుంది. అంచు ఆవపిండి రంగు, జరీ నిండుగా ఉంటుంది. చెల్లెలి దగ్గర ఇంటర్వ్యూల నాటి నల్ల బ్లేజర్ ఉంది. ముందు అదే తొడిగి చూసింది. పొడవు ఇరవై అయిదు అంగుళాలు, అంచు తుంటి వెడల్పైన చోటు కాస్త దాటి ఆగింది. ప్యాడ్లు గట్టివి, ఎడమ భుజం లేచింది. గుడ్డ మెరుస్తోంది. పైన చెప్పిన మూడు తేడాలూ ఒకే కోటులో ఉన్నాయి.

పోగులు తీసి చూస్తే ముదురు పోగు వంకాయ రంగు. నల్లటి వంకాయ రంగు లినెన్ కాటన్ గుడ్డ, యాభై ఎనిమిది అంగుళాల పన్నాది, ఒకటిన్నర మీటరు తీసుకుని సూట్లు కుట్టే టైలర్‌కు ఇచ్చాం. ఇరవై ఒక్క అంగుళాల పొడవు, ప్యాడ్లు వద్దు, వీపుకు లైనింగ్ వద్దు, చీలిక వద్దు, ఒక్క గుండీ చాలు, జేబులు పైనుంచి అతికించేవి వద్దు అని చెప్పాం. ఆయన ముందు పచ్చికుట్టు వేసి ట్రయల్‌కు పిలిచినప్పుడు చెల్లెలు అదే చీర కట్టుకుని వెళ్లింది. ఇది చాలా ముఖ్యం. చుడీదార్ మీద ట్రయల్ చూసుకుంటే భుజం సరిగ్గా కుదిరినట్టే ఉంటుంది, తీరా ఫంక్షన్ రోజు పైట మీద వేస్తే పట్టేస్తుంది. ట్రయల్‌లో ఎడమ చంక దగ్గర కాస్త బిగువు తేలింది, ఆయన రెండు వైపులా అర అంగుళం వదిలాడు.

ఆ రోజు కట్టుకున్న వరుస ఇది. ముందు చెప్పులు వేసుకుంది, ఎందుకంటే చీర ఎత్తు చెప్పుల్నిబట్టి ఉంటుంది. రెండంగుళాల వెడల్పు మడమ ఉన్న చెప్పులు. లంగా కుచ్చులు లేనిది, తుంటికి అంటుకుని కింద కాస్త విచ్చుకునేది వేసుకుంది, గేరు ఎక్కువున్న లంగా వేస్తే పొట్టి బ్లేజర్ కింద చీర గొడుగులా లేస్తుంది. బ్లౌజు మెడ ముందు వైపు పెద్దగా లోతు లేనిది, పొట్టి చేతులది. చీర కుచ్చిళ్లు సన్నగా ఆరు తీసి, దోపి, లోపలి నుంచి ఒక పిన్నీసు పెట్టుకుంది. పైటను ముందురోజు రాత్రే నాలుగంగుళాల కుచ్చిళ్లు తీసి, పల్చటి కాటన్ గుడ్డ పైన పరిచి ఇస్త్రీ చేసి పెట్టుకుంది. జరీ మీద వేడి ఇస్త్రీ నేరుగా తగలకూడదు. కొంగు వెనక మోకాలి వరకు దిగేలా చూసుకుని, మెడకు దగ్గరగా బ్లౌజుకు పిన్ను పెట్టింది. పిన్ను గుచ్చే చోట చీరకు, పిన్నుకు మధ్య చిన్న గుండీనో, పూసనో ఉంచితే పట్టు చిరగదు. ఛాతీ మీద పైట అడ్డంగా వచ్చేచోట కుడి చంక కింద ఇంకో చిన్న పిన్ను, బ్లేజర్ తొడిగేటప్పుడు పైట జారకుండా.

బ్లేజర్ తొడిగేటప్పుడు ముందు ఎడమ చెయ్యి దూర్చాలి. కుడి చెయ్యి ముందు దూరిస్తే, ఎడమ చెయ్యి వెనక్కి తిప్పేటప్పుడు పైట కుచ్చిళ్లు లాగబడి పిన్ను దగ్గర ముడుచుకుంటాయి. తొడిగాక ఎవరినైనా వెనక నిలబడమని, కొంగును బ్లేజర్ కింద నుంచి మెల్లగా కిందికి లాగి సర్దమనండి. ఒక్కరే ఉంటే అద్దానికి వీపు చూపి, చేత్తో బ్లేజర్ అంచు పైకెత్తి కొంగును సర్దుకోవచ్చు.

చివరగా, కూర్చుని చూడాలి. కూర్చుంటే పొట్టి బ్లేజర్ ముందు భాగాలు రెండూ ఒళ్లో విచ్చుకుని కూర్చోవాలి, కడుపు దగ్గర ఎత్తుగా నిలబడకూడదు. మా చెల్లెలికి అది బాగానే కుదిరింది. సెమినార్‌లో మైకు పట్టుకుని చెయ్యి ఎత్తినా చంక దగ్గర పట్టలేదు. మధ్యాహ్నం భోజనాల వేళకు బయట ఎండ ఎక్కగానే బ్లేజర్ విప్పి చేతిమీద వేసుకుంది, లోపల చీర ఎలా కట్టిందో అలాగే ఉంది.

నగల్లో పొడవాటి హారం వద్దు, బ్లేజర్ కాలర్ల మధ్య అది సగం దాగి సగం కనిపిస్తుంది. మెడకు దగ్గరగా ఉండే చిన్నదొకటి, లేదా చెవులకు కమ్మలు చాలు. పెద్ద బుట్టలు కాలర్‌కు తగులుతూ దారాలు లాగుతాయి. జడ విషయం కూడా ఆలోచించాలి. తలకు నూనె రాసుకున్న రోజు జడ బ్లేజర్ వీపు మీద పడితే లినెన్ మీద నూనె మరక పట్టి ఊరుకుంటుంది. ముడి వేసుకోవడం మేలు. పూలు పెట్టుకుంటే ముడి పైభాగాన చుట్టుకోండి, కాలర్‌కు తాకకుండా. కనకాంబరాలు నలిగితే రంగు అంటుతుంది.

డెనిమ్ జాకెట్ అయితే

డెనిమ్‌ను పట్టుచీర మీద వేయొద్దనే నేను చెబుతాను. లోహపు గుండీలు, రివెట్లు జరీకి తగులుకుని పోగు లేపేస్తాయి. కాటన్ చీర మీద, చేనేత మీద, కుర్తా మీద అది ముచ్చటగా ఉంటుంది, వాటికే వాడండి.

డెనిమ్‌తో అసలు భయం రంగు దిగడం. నీలిమందు రంగు నూలు పోగు పైపొరకే అంటుకుంటుంది, పోగు నడిమి దాకా ఇంకదు. జీన్స్ వాడేకొద్దీ మోకాళ్ల దగ్గర తెల్లబడేది అందుకే. ఆ పైపొర రంగు రాపిడికి, చెమటకు ఎదుటి గుడ్డకు అంటుకుంటుంది. కొత్త ముదురు నీలం జాకెట్‌ను గంజి పెట్టిన తెల్ల కాటన్ చీర మీద వేసుకుని సాయంత్రం దాకా తిరిగితే ఎడమ భుజం కుచ్చిళ్ల మీద, నడుము దగ్గర నీలం మసక తేలుతుంది. ముందే తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. తెల్ల చేతిరుమాలు తడిపి పిండి, జాకెట్ కాలర్ లోపలివైపు, చేతి అంచు లోపలివైపు పదిసార్లు గట్టిగా రుద్దండి. రుమాలుకు నీలం అంటితే ఆ జాకెట్ లేత రంగు చీరలకు ఇంకా పనికిరాదు. తిరగేసి, విడిగా, చల్లటి నీళ్లలో నాలుగైదుసార్లు ఉతికి మళ్లీ రుద్ది చూడండి. ఉప్పులో, వెనిగర్‌లో నానబెడితే రంగు నిలబడుతుందని చాలామంది చెబుతారు, నీలిమందు రంగు విషయంలో అది పనిచేయదు. నల్ల డెనిమ్ కూడా ఇలాగే దిగుతుంది. తెలివైన పని ఏమిటంటే, ముందే బాగా ఉతికి వెలిసిన లేత నీలం జాకెట్ కొనడం. మన ముదురు రంగు చేనేతలకు ఆ లేత నీలమే బాగా పలుకుతుంది కూడా.

బరువు చూసుకోండి. జీన్స్ ప్యాంట్లకు వాడే పన్నెండు ఔన్సుల డెనిమ్ మన వాతావరణానికి బరువు, పైట మీద బండలా కూర్చుంటుంది. ఆరు నుంచి ఎనిమిది ఔన్సులది షర్టు కంటే కాస్త మందంగా ఉంటుంది, అది చాలు. షాపులో ఔన్సులు చెప్పలేకపోతే జాకెట్ చేతిని పిడికిట్లో నలిపి వదిలేయండి. మెత్తగా జారిపోతే తీసుకోండి, నలిగిన ఆకారంలోనే నిలబడితే వదిలేయండి.

పొడవు ఇక్కడా అదే లెక్క. మామూలు డెనిమ్ జాకెట్ అంచు పట్టీ తుంటి ఎముక దగ్గర ఆగుతుంది, అది చీరకు సరిపోతుంది. పైటను జాకెట్ పైనుంచి వేసుకోవాలంటే నడుము దాకా పొట్టి చేయించాలి. కింది పట్టీ విప్పి, పైన కత్తిరించి, మళ్లీ అదే పట్టీ అతకాలి. ఇంట్లో కుట్టు మిషన్ మీద ప్రయత్నించేవాళ్లు పద్దెనిమిదో నంబరు సూది, లేదా కనీసం పదహారు వేయండి. బ్లౌజులకు వాడే సన్న సూది పట్టీ దగ్గర పొరలు దాటలేక కుట్లు తప్పుతుంది, విరుగుతుంది. బయట ఇవ్వాలనుకుంటే జీన్స్ కుట్టేవాళ్ల చేతికే ఇవ్వండి. అనంతపురం జిల్లాలో రాయదుర్గం ఆ పనికి పేరున్న ఊరు, అక్కడ జీన్స్ కుట్టే ఇళ్లు, యూనిట్లు చాలా ఉన్నాయి. మందపాటి పొరలు కుట్టే మిషన్లూ, ఆ పసుపురంగు మందపు దారమూ వాళ్ల దగ్గర ఉంటాయి. మామూలు దారంతో కుడితే కత్తిరించిన సంగతి దూరం నుంచే తెలిసిపోతుంది.

కుర్తా, పంచె

కుర్తా మీద వేసుకునేటప్పుడు ఆకారం చూసుకుంటే చాలు. నిలువుగా దిగే కుర్తా మీద పొడవాటి బ్లేజర్ గుండీలు పెట్టకుండా వేసుకోండి, బ్లేజర్ అంచుకూ కుర్తా అంచుకూ మధ్య కనీసం ఆరంగుళాలు తేడా ఉండాలి, లేకపోతే రెండూ కలిసి ఒక గౌనులా కనిపిస్తాయి. గేరున్న అనార్కలీ మీద నడుము దాకా ఉండే డెనిమ్ జాకెట్ వేయండి, గేరు కింద విచ్చుకోవడానికి చోటు ఉంటుంది. చున్నీ భుజం మీదుగా రెండు వైపులా వేయకండి, కాలర్ మీద గుట్ట పడుతుంది. జాకెట్ వేసుకున్నాక ఒక భుజం మీద నుంచి వదిలేయండి, లేదా ఆ రోజుకు చున్నీయే మానేయండి. కుర్తా చేతులు పొడవైతే వాటి అంచులు వేళ్లతో పట్టుకుని జాకెట్ తొడగండి, లేదంటే లోపల మోచేతి దాకా ఎక్కి కూర్చుంటాయి.

మగవాళ్లకు పంచె మీద కోటు కొత్తేం కాదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఫోటోలు చూడండి, తెల్ల పంచె, పైన మెడదాకా గుండీలున్న పొడవాటి కోటు, తలపాగా. ఇప్పటి పొట్టి బ్లేజర్‌ను పంచె మీద వేస్తే అందం రాదు, కుచ్చిళ్ల దగ్గర ఎత్తుగా నిలబడుతుంది. పొడవుగా, మెడ మూసిన కోటు వేస్తేనే ఆ నిండుదనం వస్తుంది.

విప్పాక

ఇంటికి రాగానే బ్లేజర్, చీర రెండూ ఒకే హ్యాంగర్‌కు తగిలించకండి. పట్టుచీరను నీడలో, గాలి ఆడేచోట తాడు మీద ఒక రాత్రి ఆరనిచ్చి, మర్నాడు కాటన్ గుడ్డలో చుట్టి పెట్టండి. పాత మడతల మీదే మడవకండి, జరీ అక్కడే విరుగుతుంది. బ్లేజర్‌ను వెడల్పాటి హ్యాంగర్‌కు వేసి చంకల దగ్గర లోపలివైపు బయటికి తిప్పి ఆరనివ్వండి, చెమట పూర్తిగా ఆరాకే బీరువాలో పెట్టండి. డెనిమ్ జాకెట్‌ను మాత్రం చీరలున్న అరలో ఎప్పుడూ పెట్టకండి. వానాకాలం బీరువాలో తేమ చేరినప్పుడు అది ఏ చీరను ఆనుకుని ఉంటే ఆ చీరకు నీలం అంటుకునే ప్రమాదం ఉంది, రివెట్లకు తుప్పు పడితే ఆ మరక ఇక పోదు. దానికి వేరే అర, లేదంటే తలుపు వెనక ఒక మేకు చాలు.